8 సిట్టింగుల ప్యాకేజీ మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇవ్వాలి, గడువు ఎంత పెట్టాలి?

ప్రశ్న: మాది చిన్న స్కిన్, హెయిర్ క్లినిక్. రెండు కాళ్లకు లేజర్ హెయిర్ రిడక్షన్‌ను 8 సిట్టింగుల ప్యాకేజీగా, డబ్బంతా ముందే కట్టించుకుని ఇస్తున్నాం. గడువు ఒక ఏడాది. ఒక క్లయింట్ 3 సిట్టింగులు చేయించుకుని, ఇక వద్దు, మిగతా డబ్బు ఇవ్వండి అంటున్నారు. రసీదు కింద "కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదు" అని అచ్చు వేయించాం. అయినా ఇవ్వాలా? ఇస్తే ఎంత? ఇకముందు షరతులు ఎలా రాసుకోవాలి?

సమాధానం:

ఇవ్వండి. ఆమె కట్టినదానిలో ఎనిమిదింట ఐదు వంతులు ఇవ్వండి, ఏమీ కోయకుండా. ఇక గడువు సంగతి: కాళ్లకు 8 సిట్టింగులు ఏడాదిలో పూర్తి కావు. ఆ షరతు మీ ప్యాకేజీలో మొదటి రోజు నుంచీ తప్పుగానే ఉంది. ఆమె దాన్ని ఇంకా గమనించి ఉండకపోవచ్చు. గమనించేలోపే సర్దుకోవడం మీకు మంచిది.

14 ఏళ్లుగా ఇలాంటి ప్యాకేజీలు అమ్ముతున్నాను. మొదటి మూడేళ్లూ నా రసీదు మీద కూడా అదే వాక్యం ఉండేది. దాని వల్ల ఒక్క రూపాయి మిగిలిన గుర్తు లేదు కానీ, కౌంటర్ దగ్గర గంటల కొద్దీ వాదనలు మాత్రం మిగిలాయి. చేయని పనికి తీసుకున్న డబ్బును రసీదు మీది ఒక్క వాక్యంతో మన సొంతం చేసుకోలేం. చాలా దేశాల వినియోగదారుల చట్టాలు ఇలాంటి ఏకపక్ష షరతును లెక్కలోకి తీసుకోవు. పైగా ఆ రసీదు ఆమె చేతికి వచ్చింది డబ్బు కట్టాక. కట్టక ముందు చూపించని షరతుకు ఆమె ఒప్పుకున్నారని ఎలా అనగలం?

ఇక ఎంత ఇవ్వాలన్న లెక్క. సులువుగా ఉండడానికి ఒక్క సిట్టింగ్ విడి ధర 100 అనుకుందాం. 8 సిట్టింగులకు 800 కావాలి, మీరు ప్యాకేజీగా 600కు ఇచ్చారు అనుకుందాం. అప్పుడు సగటున సిట్టింగ్‌కు 75 పడుతుంది. 3 సిట్టింగులు అయ్యాయి. ఇక్కడ రెండు దారులు ఉన్నాయి.

మొదటిది సగటు లెక్క. మూడు 75లు 225. 600లో 225 పోతే 375 తిరిగి ఇవ్వాలి. రెండోది విడి ధర లెక్క. "తగ్గింపు ఇచ్చింది 8 చేయించుకుంటారని, మధ్యలో మానేస్తే వాడుకున్నవాటికి విడి ధరే పడుతుంది" అనేది దాని వాదన. మూడు వందలు పోతే 300 మిగులుతుంది. తేడా 75.

రెండో దారిలో అన్యాయం ఏమీ లేదు. నేను ఇప్పుడు వాడేది కూడా ఎక్కువ సందర్భాల్లో అదే. కానీ విడి ధర లెక్క వాడాలంటే ఆ సంగతి డబ్బు తీసుకునే ముందే, అంకెలతో, రాతలో చెప్పి ఉండాలి. మీరు చెప్పలేదు కాబట్టి ఈ క్లయింట్ విషయంలో ఆ హక్కు మీకు లేదు. అందుకే ఎనిమిదింట ఐదు వంతులు అన్నాను.

విడి ధర లెక్కలో ఇంకో చిక్కు ఉంది. పై అంకెలతోనే 6 సిట్టింగులు అయ్యాక ఎవరైనా మానేస్తే చూడండి. 600లో 600 పోయి సున్నా మిగులుతుంది. ఇంకా 2 సిట్టింగులు ఉండగానే క్లయింట్ చేతికి ఏమీ రాదు. 7 అయ్యాక మానేస్తే లెక్క ప్రకారం ఆమే మనకు 100 బాకీ! అది అడగలేం, అడగకూడదు కూడా. కాగితం మీద సరైన లెక్కే, కానీ ఎదుట కూర్చున్న మనిషికి దోపిడీలా కనిపిస్తుంది.

దీనికి మూలం వాపసు షరతు కాదు, తగ్గింపు లోతు. మీ 25 శాతం తగ్గింపును 15కు దించితే ప్యాకేజీ ధర 680 అవుతుంది. అప్పుడు 3 సిట్టింగుల తర్వాత విడి ధర లెక్కలో 380 వస్తుంది, 6 తర్వాత కూడా 80 మిగులుతుంది. సగటు లెక్కలో అయితే 425, 170 వచ్చేవి. రెండింటి మధ్య దూరం తగ్గిందా? వాదన కూడా అంతే తగ్గుతుంది. పక్క క్లినిక్ సగం ధరకు ఇస్తోందని మీరూ సగానికి దిగితే, 4 సిట్టింగులకే వాపసు సున్నా అవుతుంది. పెద్ద తగ్గింపుతో అమ్మినవాళ్లకే వాపసు గొడవలు ఎక్కువ రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

గడువు సంగతి

దీన్ని చాలామంది ఏడాది అని కళ్లు మూసుకుని రాసేస్తారు. నేనూ రాశాను. దాని ఫలితం చెబుతాను.

లేజర్ పనిచేసేది ఎదిగే దశలో ఉన్న వెంట్రుక మీద. కుదురుతో గట్టిగా అతుక్కుని ఉండి, నల్లటి రంగు పదార్థం నిండుగా ఉన్న వెంట్రుక ద్వారానే వేడి కుదురుకు చేరుతుంది. ఒక సమయంలో అన్ని వెంట్రుకలూ ఆ దశలో ఉండవు. అందుకే విడతల వారీగా, కొత్తవి ఎదిగేదాకా ఆగి చేయాలి. ముఖం మీద వెంట్రుకలు త్వరగా తిరిగి వస్తాయి కాబట్టి 4 నుంచి 6 వారాల ఎడం సరిపోతుంది. కాళ్ల మీద నెమ్మది, 8 వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు లెక్క వేయండి. 8 సిట్టింగుల మధ్య ఎడాలు 7. ఎడం 8 వారాలైతే 56 వారాలు. ఏడాదికి 52 వారాలే! క్లయింట్ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా, జలుబు చేయకుండా, ఊరెళ్లకుండా వచ్చినా ఎనిమిదో సిట్టింగ్ గడువు దాటాకే వస్తుంది.

నా దగ్గర ఒకామె ఇలాగే 7 సిట్టింగులు క్రమం తప్పకుండా చేయించుకుని, ఎనిమిదోదానికి ఫోన్ చేస్తే మా రిసెప్షన్‌లో గడువు ముగిసిందని చెప్పారు. ఆమె మరుసటి రోజు వచ్చి బల్ల మీద తన కార్డు పెట్టారు. మేమే రాసిన తేదీలు, మేమే ఇచ్చిన తర్వాతి అపాయింట్‌మెంట్లు, వాటి పక్కన మా సంతకాలు. "ఇందులో నేను ఆలస్యం చేసింది ఏ రోజు?" అని అడిగారు. ఏదీ లేదు. ఆ రోజు సాయంత్రమే కూర్చుని మా ప్యాకేజీలన్నింటికీ ఎడాలు లెక్కపెట్టాను. కాళ్లు, వీపు రెండూ ఏడాదిలో పట్టనివే.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి: సిట్టింగుల సంఖ్యలో ఒకటి తీసేసి, ఆ భాగానికి పట్టే ఎడంతో గుణించి, వచ్చినదానికి సగం కలుపుతాను. కాళ్లకు 56 వారాలకు 28 కలిపితే 84 వారాలు, అంటే 19 నెలలు దాటుతుంది. 20 నెలలు అని రాస్తాను. ముఖానికి 4 వారాల ఎడంతో 28 వారాలు, సగం కలిపితే 42. దానికి ఏడాది గడువు హాయిగా సరిపోతుంది. గడువు ఒక్కో చికిత్సకు, ఒక్కో శరీర భాగానికి వేరుగా ఉండాలి. జుట్టు కోసం చేసే పీఆర్‌పీ, ముఖానికి చేసే పీల్స్, వీటికీ ఇదే సూత్రం. ఎడం ఎంతో మీ డాక్టర్ చెబుతారు, మీరు గుణించాలి.

గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది కూడా రాయాలి. డబ్బు కట్టిన రోజు నుంచి కాకుండా మొదటి సిట్టింగ్ రోజు నుంచి లెక్కించడం నాకు నచ్చిన పద్ధతి. కాకపోతే కట్టిన 90 రోజుల లోపు మొదలుపెట్టాలని ఒక హద్దు పెడతాను, లేకపోతే రెండేళ్ల తర్వాత వచ్చి పాత ధరకు చేయమంటారు.

గడువును ఆపి ఉంచడం అనే ఏర్పాటు తప్పనిసరి. గర్భం దాల్చితే లేజర్ వాయిదా వేస్తాం. ఎండకు చర్మం కమిలి నల్లబడితే, ఆ రంగు తగ్గేదాకా చేయం, కాలే ప్రమాదం ఎక్కువ కాబట్టి. చర్మం వెలుతురుకు సున్నితంగా మారే మందులు మొదలుపెట్టినా డాక్టర్ ఆపమనవచ్చు. చేయవద్దని చెప్పింది మనమే అయినప్పుడు గడువు గడియారం కూడా మనమే ఆపాలి. ఎన్ని రోజులు ఆపామో గడువుకు అన్ని రోజులూ కలిపి, కొత్త తేదీ కార్డు మీద రాసి ఇస్తాం. నోటి మాటగా "చూద్దాంలెండి" అన్నది ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

గడువు ముగిసినా సిట్టింగులు మిగిలి ఉంటే? నేను వాటిని రద్దు చేయను. మరో 3 నెలలు ఇస్తాను, అదీ దాటితే విడి ధర లెక్కలో మిగిలిన మొత్తాన్ని మా దగ్గరి వేరే చికిత్సకు జమ చేస్తాను. ఇది నా పద్ధతి. గడువు దాటినవి పోయినట్టే అనేవాళ్లూ ఉన్నారు. ముందే స్పష్టంగా చెప్పి, గడువు నిజంగా సరిపడా ఇచ్చి ఉంటే, వాళ్లది తప్పని అనను.

ఎందుకు మానేస్తున్నారన్నదాన్ని బట్టి లెక్క మారాలి

మనసు మారి మానేసినవారికీ, మన వల్ల మానేసినవారికీ ఒకే సూత్రం పెడితే అక్కడే చెడుతుంది. నా షరతుల్లో మూడు రకాలు ఉన్నాయి.

క్లయింట్ తన ఇష్టంతో మానేస్తే విడి ధర లెక్క. శరీర కారణాల వల్ల డాక్టర్ ఇక వద్దంటే సగటు లెక్క. మా వైపు లోపం అయితే, అంటే యంత్రం పాడై వారాలు గడిచినా, క్లినిక్ మార్చినా, ఒప్పుకున్న డాక్టర్ వెళ్లిపోయినా సగటు లెక్కే, పైగా ఏ ఖర్చూ కోయం. చికిత్స వల్ల చర్మం కాలితే ఆ సిట్టింగ్ డబ్బు కూడా తిరిగి ఇస్తాం, ఆ గాయానికి వైద్యం మేమే చేయిస్తాం. అలాంటప్పుడు కొందరు డబ్బు ఇస్తూ "ఇకపై ఏ ఫిర్యాదూ చేయను" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. రావలసిన వాపసును దానికి ముడిపెట్టవద్దు. నష్టపరిహారం వేరే విషయం, వాపసు వేరే విషయం.

ఫలితం రాలేదని అడిగేవారు నాలుగో రకం. వీరిలో చాలామందికి ప్యాకేజీ అసలు అమ్మకుండా ఉండాల్సింది. గడ్డం కింద తెల్ల వెంట్రుకలు ఉన్న ఒకామెకు మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి 8 సిట్టింగులు అమ్మేసింది. తెల్ల వెంట్రుకలో లేజర్ పట్టుకునే రంగు ఉండదు కాబట్టి 80 సిట్టింగులు చేసినా అవి పోవు. మొత్తం డబ్బు తిరిగి ఇచ్చాం, ఏ లెక్కా వేయకుండా. హార్మోన్ల తేడాతో ముఖం మీద వెంట్రుకలు వచ్చేవారికి కూడా 8తో ముగియదని, తర్వాత అప్పుడప్పుడు చేయించుకోవాల్సి వస్తుందని అమ్మేముందే చెప్పాలి. "శాశ్వతంగా పోతాయి" అన్న మాట మా కౌంటర్‌లో నిషేధం. తగ్గుతాయి, పలచబడతాయి, అంతే.

అందుకే ఇప్పుడు మొదటి సిట్టింగ్‌ను విడిగానే అమ్ముతాం. డాక్టర్ చూసి, చిన్న భాగంలో పరీక్షించి, చర్మం ఎలా స్పందించిందో చూశాకే మొదలు. అది నచ్చి 30 రోజుల లోపు ప్యాకేజీ తీసుకుంటే, కట్టిన డబ్బును అందులో కలిపేస్తాం. నొప్పి భరించలేనివారు, అపనమ్మకంగా వచ్చినవారు అక్కడే ఆగిపోతారు. వాళ్లే కదా రెండో సిట్టింగ్ తర్వాత వాపసు అడిగేది.

ఎన్ని సిట్టింగులు అయ్యాయి?

లెక్క ఎంత సరిగా ఉన్నా, ఈ ఒక్క అంకె దగ్గర మాట తేడా వస్తే అంతా కూలుతుంది. ఒకసారి ఒకాయన వీపుకు 4 అయ్యాయన్నారు, మా రిజిస్టర్‌లో 5 ఉన్నాయి. తవ్వితే తేలింది ఏమిటంటే, ఒక రోజు రెండు చోట్ల వదిలేసిన వెంట్రుకలు ఉన్నాయని పిలిచి 10 నిమిషాలు సరిచేసి పంపారు. దాన్ని ఎవరో సిట్టింగ్‌గా రాసేశారు. ఆయన చెప్పిందే నిజం.

అప్పటి నుంచి కార్డు రెండు ప్రతులు. తేదీ, శరీర భాగం, చేసినవారి పేరు, ఎన్నో సిట్టింగ్, మిగిలినవి ఎన్ని, చివర క్లయింట్ సంతకం. సరిచేసినవి వేరే వరుసలో, సిట్టింగ్ గడి ఖాళీగా ఉంచి. రాకుండా మానేసిన అపాయింట్‌మెంట్‌ను సిట్టింగ్‌గా కొట్టేయాలంటే 24 గంటల ముందు చెప్పాలన్న షరతు ముందే ఉండాలి, ఆ రోజే సందేశం పంపాలి. మొదటిసారి నేను వదిలేస్తాను.

ఉచితంగా ఇచ్చేవాటి గురించి ఒక్క మాట. ప్యాకేజీ తీసుకున్న రోజే ఉచిత ఫేషియల్ చేసి, వాపసు వేళ దాని ధర కోసేవాళ్లను చూశాను. ఉచితం అన్నాక దానికి ధర కట్టలేం. ఇవ్వాలనుకుంటే చివరి సిట్టింగ్ తర్వాత ఇవ్వండి.

ఆ డబ్బు ఎక్కడుంది?

వాపసు ఇవ్వలేకపోవడానికి అసలు కారణం చాలాసార్లు షరతు కాదు, డబ్బు ఖర్చయిపోవడం. 600 చేతికి వచ్చిన రోజు మీరు సంపాదించింది ఏమీ లేదు. ప్రతి సిట్టింగ్ చేసినప్పుడు 75 మీదవుతుంది, అప్పటిదాకా మిగతాది క్లయింట్‌కు మీరున్న బాకీ. పద్దుల్లో కూడా దాన్ని బాకీ వైపే రాయాలి.

ఆరో ఏట మా లేజర్ హ్యాండ్‌పీస్ పాడైంది. విడిభాగం రావడానికి 5 వారాలు పట్టింది. ఆ 5 వారాల్లో కొత్త ప్యాకేజీలు అమ్మలేం, పాతవారు వరసగా వాపసు అడిగారు, వాళ్లు కట్టిన డబ్బు అప్పటికే అద్దెకూ జీతాలకూ పోయింది. అప్పు చేసి ఇచ్చాను. ఇప్పుడు చేయని సిట్టింగుల మొత్తంలో కనీసం సగం వేరే ఖాతాలో ఉంచుతాను. ఇంకా మేలైన మార్పు, 8కి ఒకేసారి కట్టించుకోవడం మానేశాను. ముందు 4కు, అవి అయ్యాక అదే ధరకు మరో 4కు. మొదట్లో అమ్మకం తగ్గుతుందేమోనని భయపడ్డాను. తగ్గింది కూడా, కొద్దిగా. కానీ మధ్యలో మానేసేవారితో లెక్క తేల్చాల్సిన మొత్తం సగమైంది, అది నాకు ఎక్కువ విలువైనది.

మీ షరతులకు ఒక నమూనా

"ఈ ప్యాకేజీలో 8 సిట్టింగులు ఉన్నాయి. గడువు మొదటి సిట్టింగ్ నుంచి 20 నెలలు. డాక్టర్ సలహాపై చికిత్స ఆపిన రోజులు గడువుకు కలుస్తాయి. మొదటి సిట్టింగ్‌కు ముందు మానుకుంటే మొత్తం డబ్బు వాపసు. తర్వాత మీ ఇష్టంతో మానుకుంటే పూర్తయిన సిట్టింగులకు విడి ధర తగ్గించి మిగిలింది వాపసు, ఆ పట్టిక కింద ఉంది. వైద్య కారణమైనా, మా లోపమైనా సగటు ధర మాత్రమే తగ్గుతుంది. వాపసు 14 రోజుల్లో." కింద 1 నుంచి 8 వరకు, ఏ సిట్టింగ్ తర్వాత ఎంత వస్తుందో అంకెల పట్టిక. ఆ పట్టిక పక్కనే సంతకం ఉండాలి. చదివి వినిపించాక చేయించండి. మీ ప్రాంత చట్టం ఇంతకంటే ఎక్కువ హక్కు ఇస్తే అదే చెల్లుతుంది, అచ్చు వేయించే ముందు ఒక న్యాయవాదికి చూపించండి.

ఇక ఇప్పటి మీ క్లయింట్. వాపసు ఆమె ఏ దారిలో కట్టారో ఆ దారిలోనే పంపండి. కార్డుతో కట్టినదాన్ని నగదుగా ఇస్తే, తర్వాత ఆమె బ్యాంకులో వివాదం వేసినప్పుడు మీరు ఇచ్చినట్టు చూపడం కష్టం. కార్డు చెల్లింపుల్లో, ఇంకా అందని సేవ మీద వివాదం వేసే అవకాశం కట్టిన తేదీతో ముగిసిపోదు, సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్క మొదలయ్యే సందర్భాలు ఉంటాయి. పొడవైన ప్యాకేజీలో అది చాలా దూరం వెళుతుంది. ఒకవేళ ఆమె వాయిదాల మీద, రుణ సంస్థ ద్వారా కట్టి ఉంటే డబ్బు ముందు ఆ సంస్థకు వెళ్లాలి. రుణం రద్దయినట్టు కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టండి. నేను ఒకసారి డబ్బు నేరుగా క్లయింట్‌కు ఇచ్చేసి, ఆమె ఖాతా నుంచి నెలనెలా వాయిదా కోత ఆగక, 5 నెలలు ఇద్దరం ఫోన్లు చేసుకున్నాం.